పన్ను సంగతి ముందే తేలితే

2018లో వాల్‌మార్ట్ ఫ్లిప్‌కార్ట్‌ను కొన్నప్పుడు, టైగర్ గ్లోబల్‌కు చెందిన మారిషస్ కంపెనీలు తమ వాటాలను అమ్మేశాయి. లాభంపై భారత్‌లో పన్ను పడుతుందా? మారిషస్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం పడదన్నది వాటి వాదన. తేల్చమంటూ అవి అడ్వాన్స్ రూలింగ్స్ అథారిటీని ఆశ్రయించాయి.

1993లో ఈ ఏర్పాటు చేసిందే ఇందుకు. విదేశీ మదుపరి తన లావాదేవీ వివరాలన్నీ ముందుంచి అడుగుతాడు, ఆరు నెలల్లో జవాబు రావాలి. ఆ జవాబుకు అతడూ, పన్ను శాఖా కట్టుబడాలి. పన్ను ఎంతో తెలిస్తేనే కదా, ఎంత ధరకు అమ్మితే గిట్టుబాటో లెక్క తేలేది!

అయితే పన్ను ఎగ్గొట్టడానికే అల్లినట్టు పైకి కనిపించే లావాదేవీపై అథారిటీ జవాబివ్వదు. 2020లో ఈ కారణంతోనే దరఖాస్తులను తోసిపుచ్చింది. 2024లో ఢిల్లీ హైకోర్టు కంపెనీల పక్షాన తీర్పిచ్చింది. వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. ముందే తెలుసుకునే దారి ఏళ్ల తరబడి వ్యాజ్యంగా మారింది.

2021లో అథారిటీ స్థానంలో బోర్డులు వచ్చాయి. వీటి జవాబుకు ఎవరూ కట్టుబడనక్కర్లేదు, ఇరుపక్షాలూ హైకోర్టులో అప్పీలు చేయవచ్చు. నా దృష్టిలో ఇది వెనకడుగే. శాఖ రేపు కాదనగలిగే జవాబును నమ్మి ఎవరూ ధర ఖాయం చేసుకోలేరు.