పాస్‌వర్డులు అదే ఫోన్‌లో మార్చవద్దు

ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు రైల్వే పింఛనుదారు ఒకరు, పింఛను ఆగిపోతుందన్న ఫోన్ మాట నమ్మి ఎనీడెస్క్ యాప్ వేసుకుని, అందులోని సంఖ్య చెప్పి, అనుమతి ఇచ్చారనుకుందాం. ఇక ఆయన తెరపై కనిపించే ఓటీపీ అవతలి వ్యక్తికీ కనిపిస్తుంది. ఈ మోసంపై రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది.

వెంటనే మొబైల్ డేటా, వైఫై ఆపి, సిమ్‌ను వేరే ఫోన్‌లోకి మార్చాలి. దాని నుంచి బ్యాంకుకు, 1930కు ఫిర్యాదు చేయాలి. బ్యాంకుకు తెలిపిన తరువాత జరిగే నష్టాన్ని, రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, బ్యాంకే భరించాలి.

పాత ఫోన్‌లోనే పాస్‌వర్డు మారిస్తే కొత్తదీ మోసగాడికి చిక్కవచ్చు. కనుక వేరే పరికరంలో మొదట ఈమెయిల్ పాస్‌వర్డు మార్చి, మిగిలిన పరికరాలన్నింటి నుంచి లాగౌట్ చేయాలి. ఇతర ఖాతాల పాస్‌వర్డు మార్చే లింకులు సాధారణంగా ఈమెయిల్‌కే వస్తాయి. ఆపై బ్యాంకు, ఇతర ఖాతాలు. పాత ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేశాకే తిరిగి వాడి, అందులో యూపీఐ పిన్ మార్చుకోవాలి.