‘బడు’ వెనక దాక్కున్న కర్త

‘కన్యాశుల్కం’ మీద ఒక విద్యార్థి వ్యాసం ఇలా మొదలైందనుకుందాం: “సుబ్బి వివాహం ఒక వృద్ధుడితో నిశ్చయించబడుతుంది. తల్లి అభ్యంతరం తోసిపుచ్చబడుతుంది. చివరకు ఆ వివాహం మారువేషం ద్వారా తప్పించబడుతుంది.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ మూడు వాక్యాల్లో ఒక్క మనిషి కూడా ఏ పనీ చేయలేదు.

ప్రతి ‘బడు’ దగ్గరా ఆగి “ఎవరు?” అని అడిగితే గురజాడ పాత్రలు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. అగ్నిహోత్రావధాన్లు డబ్బు కోసం కూతుర్ని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టాలని చూస్తాడు. వెంకమ్మ ఎంత మొత్తుకున్నా వినడు. ఆమె అన్న కరటక శాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం వేసి, లుబ్ధావధాన్లుకే పెళ్లికూతురిగా అంటగడతాడు. ఇప్పుడు విమర్శకు ఆధారం దొరికింది. బిడ్డను అమ్మే తండ్రి ఒకవైపు, మోసాన్ని మోసంతోనే ఎదుర్కొనే మేనమామ మరోవైపు ఉన్నారు. ఆ ఎత్తుగడ సరైనదేనా అన్న చర్చ ఇక్కడి నుంచే మొదలవుతుంది. కర్మణి ప్రయోగం ఆ చర్చకు చోటు లేకుండా చేసింది.

ఈ అలవాటు ఎక్కువగా ఇంగ్లిష్ నుంచి వచ్చిందే. ఇంగ్లిష్‌లో పదాల వరుసే కర్త ఎవరో, కర్మ ఎవరో చెబుతుంది. అందుకే సుబ్బిని వాక్యం మొదట్లో పెట్టాలంటే తరచూ క్రియను మార్చాలి. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. “సుబ్బిని తండ్రి ముసలివాడికి ఇవ్వబోయాడు” అంటే చాలు. సుబ్బి ముందుకొచ్చింది, తండ్రీ తప్పించుకోలేదు. ఆ పనంతా చేసింది ‘ని’ అనే ఒక్క అక్షరం.

అలాగని ‘బడు’ను కొట్టేస్తే పని అయిపోదు. “పెళ్లి కుదిరింది” అన్న వాక్యంలో ‘బడు’ లేదు, అయినా కుదిర్చినవాడు మాయమయ్యాడు. విరుగు–విరుచు, కుదురు–కుదుర్చు వంటి జంటల్లో మొదటిది కర్తను దాచేస్తుంది. వ్యాసాన్ని దిద్దేవాళ్లు ఎక్కువగా ఏమరుపాటు పడేది ఇక్కడే.

ఇంకా ఇబ్బంది పెట్టేది “ఈ నాటకం సంస్కరణవాద రచనగా భావించబడుతోంది” అన్న తరహా వాక్యం. భావించింది ఎవరు? ఫలానా విమర్శకుడైతే పేరు చెప్పాలి. వ్యాసకర్తే అయితే “సంస్కరణవాద రచన” అని నేరుగా రాసి, ఏ సన్నివేశం వల్ల అలా అనిపించిందో చూపాలి. కర్త లేని అభిప్రాయాన్ని పాఠకుడు ఒప్పుకోనూ లేడు, కాదననూ లేడు.

కర్తతో పని లేని చోట్లూ ఉంటాయి. నాటకాన్ని 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శించారు. 1897లో అచ్చు వేశారు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకమే. మొదటి రెండు వాక్యాల్లోనూ కర్త లేడు, ‘బడు’ కూడా లేదు. ‘ప్రదర్శించారు’, ‘వేశారు’ అన్న బహువచన క్రియలే సరిపోయాయి. అయితే రెండో కూర్పులో మధురవాణి పాత్ర ఎలా మారిందో రాసేటప్పుడు మాత్రం “మార్చబడింది” చాలదు. మార్చింది గురజాడ. ఎందుకు మార్చాడన్నదే అక్కడి ప్రశ్న.