అతికిన గుట్టు అంచులోనే

షష్టిపూర్తి ఫొటోలో అమ్మా నాన్నా దండలతో కుర్చీల్లో కూర్చుని ఉంటారు. వెనక చిన్నకొడుకు, కూతురు, అల్లుడు, కోడలు. పెద్దకొడుకు మాత్రం డల్లాస్‌లో ఉండిపోయాడు, సెలవు దొరకలేదు. వారం తర్వాత అతని ఫొటో వాట్సాప్‌లో వస్తుంది. ఆ తల్లి స్టూడియోకి వచ్చి, "వాణ్ణి కూడా పెట్టు నాయనా, నా కుర్చీ వెనకే ఖాళీ ఉందిగా" అంటుంది. మన ఊళ్లలో ఫొటో స్టూడియోలకు ఇది రోజూ వచ్చే పనే. పని పూర్తయ్యాక ఇంటికొచ్చిన చుట్టాల్లో ఒకరు ఫొటోను అలా చూసి, "వీణ్ణి అతికించారు కదూ" అంటే పడ్డ శ్రమంతా పోయినట్టే. ఎందుకలా అనిపించిందని అడిగితే వాళ్లు చెప్పలేరు. కంటికి మాత్రం తెలిసిపోతుంది. చాలాసార్లు ఆ గుట్టు బయటపడేది ముఖంలోనో బట్టల్లోనో కాదు, మనిషి చుట్టూ రెండు మూడు చుక్కల వెడల్పున్న అంచులో.

ఆ అంచును సరిచేసే పనిముట్టే లేయర్ మాస్క్. ఫొటోషాప్‌లో ఉంది, ఉచితంగా దొరికే గింప్‌లోనూ ఉంది. మనిషిని కత్తిరించడానికి ఎరేజర్ వాడితే చెరిపిన భాగం పోయినట్టే. మాస్క్ దేన్నీ చెరపదు. లేయర్‌కు జతగా నలుపు తెలుపుల్లో మరో బొమ్మ ఉంటుంది, అంతే. అందులో తెలుపు ఉన్నచోట మనిషి కనిపిస్తాడు, నలుపు ఉన్నచోట దాగుతాడు, బూడిదరంగు ఉన్నచోట ఆ బూడిద ఎంత లేతగా ఉంటే అంత మేరకు కనిపిస్తాడు. చెవి కాస్త తెగిందనిపిస్తే తెల్ల బ్రష్‌తో ఆ చోట రాస్తే చెవి తిరిగొస్తుంది.

పాత సినిమాల్లో ఒకే నటుడు రెండు వేషాల్లో పక్కపక్కన నిలబడితే, దాని వెనక చాలాసార్లు ఇలాంటి మాస్కే ఉండేది. లెన్సు ముందు సగం నల్లగా మూసి ఒక వేషం తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి, రెండో సగం మూసి రెండో వేషం తీసేవారు. ఆ రెండు సగాలు కలిసే గీత తెరమీద పడకుండా చూడటమే కెమెరామన్ పనితనం. మనకూ అదే పరీక్ష. కాకపోతే మన గీత తిన్నగా ఉండదు, మనిషి ఒంటి చుట్టూ తిరుగుతుంది.

అంచు ఎందుకు పట్టిచ్చేస్తుందో తెలిస్తే దిద్దడం సగం వచ్చినట్టే. పెద్దకొడుకు ముదురు నీలం చొక్కాతో తెల్లగోడ ముందు నిలబడ్డాడు. ఆ ఫొటోను బాగా పెద్దది చేసి భుజం దగ్గర చూడండి. నీలం అయిపోయి వెంటనే తెలుపు మొదలవదు, మధ్యలో లేత నీలం చుక్కలు ఉంటాయి. వాటిలో సగం చొక్కా, సగం గోడ. కెమెరా ఆ రెంటినీ కలిపి ఒకే రంగుగా రాసుకుంది. ఇప్పుడు మాస్క్‌లో ఆ చుక్క దగ్గర సగం బూడిద ఉందనుకుందాం. మనిషిని ఫంక్షన్ హాలులోని మెరూన్ కర్టెన్ మీద పెడితే ఆ చుక్కలో సగం కర్టెన్ వస్తుంది, మిగతా సగంలో పాతిక వంతు చొక్కా, పాతిక వంతు డల్లాస్ గోడ. నిజంగా అక్కడ నిలబడి ఉంటే సగం చొక్కా, సగం కర్టెన్ ఉండాల్సింది. గోడను తీసేశామనుకున్నాం గానీ దాని తెలుపు పాతిక వంతు మనిషితోపాటే వచ్చేసింది. భుజాల వెంట, చెవుల చుట్టూ కనిపించే తెల్లటి గీత అదే.

దీన్ని పోగొట్టడానికి చాలామంది ముందుగా చేసేది ఫెదర్ పెంచడం. అంచంతా పది చుక్కల మేర మెత్తబడుతుంది, తెల్లగీత కాస్తా మనిషి చుట్టూ పొగలా పరుచుకుంటుంది. నాకు తెలిసి అతికించిన ఫొటోల్లో ఎక్కువ శాతం పాడయ్యేది ఇక్కడే. మనిషి అంచు అంతటా ఒకే మెత్తదనంతో ఉండదు. చొక్కా కాలర్ అంచు పదునుగా ఉంటుంది, ఉన్ని శాలువా అంచు నూగుగా ఉంటుంది, జుట్టు అంచు అసలు అంచులాగే ఉండదు. అన్నింటికీ ఒకే కొలత వేస్తే కంటికి అనుమానం వస్తుంది.

మరి కొలత ఎక్కడ దొరుకుతుంది? గ్రూప్ ఫొటోలోనే. పెద్దకొడుకు పక్కన నిలబడబోయే తమ్ముడి భుజాన్ని 400 శాతానికి పెంచి చూడాలి. అతని చొక్కా నుంచి కర్టెన్‌కు మారడానికి ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టాలి. ఫోకస్ బాగా కుదిరిన ఫొటోలో మామూలుగా రెండో మూడో ఉంటాయి. అన్న అంచు కూడా అంతే ఉండాలి, తక్కువా కాదు, ఎక్కువా కాదు. అందుకే ముందు అతన్ని గ్రూప్‌లోని మనుషుల సైజుకు తగ్గించి, ఆ తర్వాతే అంచు పని మొదలుపెట్టాలి. పెద్ద సైజులో అంచు దిద్ది తర్వాత తగ్గిస్తే ఆ మెత్తదనమూ దానితోపాటే తగ్గిపోతుంది.

ఇక పని. మనిషిని సెలెక్ట్ చేసి లేయర్ ప్యానెల్ కింద ఉండే మాస్క్ గుర్తు నొక్కితే మాస్క్ తయారవుతుంది. ఆ మాస్క్ మీద ఉండగానే Filter > Other > Minimum తెరిచి ఒక చుక్క ఇస్తే, నలుపు చుట్టూరా ఒక చుక్క లోపలికి జరుగుతుంది. గోడ రంగు కలిసిన చుక్కల్లో చాలావరకు మరుగునపడతాయి. తర్వాత గాసియన్ బ్లర్ అర చుక్క నుంచి ఒక చుక్క వరకు ఇస్తే, తమ్ముడి భుజం దగ్గర చూసిన ఆ రెండు మూడు చుక్కల మార్పు వస్తుంది. ఇది చొక్కాకు, ప్యాంటుకు చాలు. మెడ కింద, చంకల దగ్గర ఇంకా తెలుపు మిగిలితే అక్కడి వరకే చిన్న నల్ల బ్రష్‌తో దిద్దాలి. బ్రష్ గట్టిదనం తమ్ముడి అంచుకు తగ్గట్టు ఉండాలి. పొరపాటున లోపలికి వెళితే X నొక్కి తెలుపుకు మారి, మళ్లీ రాయడమే.

జుట్టు దగ్గర ఈ పద్ధతి పనిచేయదు. ఒక చుక్క లోపలికి జరిపితే చివరి వెంట్రుకలన్నీ పోయి తల గుండు మీద టోపీ పెట్టినట్టు తయారవుతుంది. జుట్టును Select and Mask లో ఉండే రిఫైన్ ఎడ్జ్ బ్రష్‌తో విడిగా తీయాలి. అయినా వెంట్రుకల మధ్య తెల్లగోడ కొంత మిగులుతుంది. దాన్ని మాస్క్‌తో తీయబోతే వెంట్రుకలూ పోతాయి గనక మాస్క్‌ను వదిలేసి రంగును మార్చాలి. మనిషి లేయర్ పైన ఇంకో లేయర్ పెట్టి, దాన్ని అతనికే పరిమితమయ్యేలా Alt+Ctrl+G నొక్కి, మోడ్ Darken లో ఉంచాలి. Alt నొక్కి లోపలి జుట్టు రంగు తీసుకుని అంచుల మీద మెల్లగా రాస్తే తెల్లబడినవి మాత్రమే నల్లబడతాయి, అప్పటికే నల్లగా ఉన్నవి అలాగే ఉంటాయి. ఆకారం మాస్క్‌ది, రంగు ఈ లేయర్‌ది. ఈ రెండు పనులూ కలిపేయకుండా విడిగా ఉంచుకుంటే జుట్టు పని తేలికవుతుంది.

అంచు ఎంత బాగా కుదిరినా, మనిషి అందరి ముందూ పూర్తిగా కనిపిస్తూ నిలబడితే అతికించినట్టే ఉంటాడు. గ్రూప్ ఫొటోలో ఒకరి భుజం ఇంకొకరి వెనక దాగుతుంది. అమ్మ కోరినట్టు అతన్ని ఆమె కుర్చీ వెనక పెడితే నడుము నుంచి కింద అంతా కుర్చీ వెనక్కి వెళ్లాలి, ఛాతీలో కొంత ఆమె తల వెనక్కి వెళ్లాలి. దీన్ని కూడా పాత మాస్క్‌లోనే నల్లగా రాసేస్తే ఒక చిక్కుంది. తర్వాత అతన్ని కాస్త కుడికి జరపాలనుకుంటే అమ్మ తల ఆకారంలో ఉన్న ఖాళీ కూడా అతనితో జరిగిపోతుంది. అందుకని పెద్దకొడుకు లేయర్‌ను ఒక గ్రూపులో పెట్టి, ఆ గ్రూపుకు రెండో మాస్క్ ఇవ్వాలి. అతని ఆకారం లేయర్ మాస్క్‌లో, అతని ముందు ఉన్నవాళ్ల ఆకారం గ్రూపు మాస్క్‌లో. ఇప్పుడు లోపల లేయర్‌ను ఎటు జరిపినా అమ్మ తల కదలదు.

ఇక్కడే ఇందాకటి రంగు సమస్య తిరగబడి వస్తుంది. అమ్మ ముడి, అందులోని మల్లెదండ అసలు ఫొటోలో మెరూన్ కర్టెన్ ముందు ఉన్నాయి. వాటి అంచు చుక్కల్లో కర్టెన్ ఎరుపు కలిసి ఉంది. వెనక నీలం చొక్కా వచ్చాక ఆ ఎరుపు సన్నటి గీతగా తేలుతుంది. ఈసారి మాస్క్‌ను అమ్మవైపు ఒక చుక్క లోపలికి జరపాలి, అంటే చొక్కా ఆ ఎరుపు చుక్కల మీదికి రావాలి. గ్రూపు మాస్క్‌లో అమ్మ తల నల్లగా ఉంటుంది గనక నలుపును తగ్గించడానికి Maximum వాడాలి. కొడుకు అంచును సరిచేసి తల్లి అంచును వదిలేసిన ఫొటోలు చాలా కనిపిస్తాయి, చూసేవారికి అక్కడే ఏదో తేడా కొడుతుంది.

అయిందనుకున్నాక చూసుకోవడానికి రెండు దారులున్నాయి. Alt నొక్కి మాస్క్ మీద క్లిక్ చేస్తే నలుపు తెలుపు బొమ్మ ఒక్కటే తెరమీదికి వస్తుంది. నల్లటి భాగంలో బూడిద మచ్చలు, మనిషి కడుపులో చిన్న చిల్లులు మామూలుగా కనబడనివి ఇక్కడ దొరికిపోతాయి. రెండోది, మనిషి కింద ఒకసారి పూర్తి నలుపు లేయరు, మరోసారి పూర్తి తెలుపు లేయరు పెట్టి చూడటం. నలుపు మీద పాత గోడ తెలుపు బయటపడుతుంది, తెలుపు మీద నల్లటి మిగుళ్లు బయటపడతాయి. రెండింటిమీదా నిలబడితే మెరూన్ మీద ఢోకా లేదు. ఆ తర్వాత పక్కవాళ్ల నీడ కర్టెన్ మీద ఎటు పడిందో చూసి, అతని లేయర్ కింద, అదే గ్రూపులో Multiply లో ఇంకో లేయర్ పెట్టి, అదే వైపు, అంతే పలచగా నీడ వేయాలి.

మాస్క్ చేయలేని పని ఒకటుంది, వెలుగు దిశ. హాలులో లైట్లు ఎడమనుంచి పడి, డల్లాస్‌లో కిటికీ కుడివైపు ఉంటే ముక్కు నీడ తప్పు చెంప మీద పడుతుంది. ఏ అంచూ దాన్ని దాచలేదు. ఫొటోను తిప్పేస్తే వెలుగు సరిపోతుంది గానీ చొక్కా జేబు కుడివైపుకు, పాపిడి రెండోవైపుకు వెళ్తాయి. ఇంట్లోవాళ్లు అది ఇట్టే పట్టేస్తారు. అలాంటప్పుడు గంటల తరబడి దిద్దేకన్నా అబ్బాయికి ఫోన్ చేసి ఇంకో ఫొటో అడగడమే మంచిది. హాలులో వెలుగు ఏవైపు నుంచి పడిందో చెప్పి, కిటికీ ఆ వైపే ఉండేలా నిలబడమనాలి. ఫోన్ ఛాతీ ఎత్తులో పట్టుకుని, నాలుగడుగుల దూరం నుంచి కాకుండా కాస్త వెనక్కి వెళ్లి తీయమనాలి. పోర్ట్రెయిట్ మోడ్ వద్దని గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అది జుట్టు అంచును మనకంటే ముందే మసకబారుస్తుంది. తెల్లగోడకు బదులు ముదురు రంగు గోడో, తలుపో దొరికితే వెంట్రుకల పని సగం తగ్గుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపమనాలి. లేకపోతే కుదింపులో చెవుల చుట్టూ, జుట్టు చుట్టూ గళ్లు గళ్లుగా మచ్చలు పడతాయి, వాటిని మాస్క్ మనిషినుంచి వేరుచేయలేదు.