వాల్వు ఎప్పుడు మూసుకోవాలి?

పెట్రోలు ఇంజిన్‌లో పిస్టన్ అడుగుదాకా దిగి మళ్లీ పైకి బయల్దేరాక కూడా గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్ వాల్వు కాసేపు తెరిచే ఉంటుంది. అది కావాలని చేసిన ఏర్పాటే. నిమిషానికి 6000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో పిస్టన్ పైనుంచి కిందికి రావడానికి పట్టేది సెకనులో 200వ వంతు. ఆ జోరులో దూసుకొస్తున్న గాలి, బ్రేకు వేసిన బస్సులో మనుషులు ముందుకు తూలినట్టు, పిస్టన్ వెనుదిరిగినా లోపలికి వస్తూనే ఉంటుంది. వాల్వు ఆలస్యంగా మూసుకుంటే అదంతా సిలిండర్‌లో చేరుతుంది.

ఐడ్లింగ్‌లోనో, ట్రాఫిక్‌లో మెల్లగా వెళ్లేటప్పుడో గాలికి ఆ జోరు ఉండదు. అదే ఆలస్యం ఇప్పుడు నష్టం. పైకి లేస్తున్న పిస్టన్ లోపలికొచ్చిన గాలిలో కొంత వెనక్కి నెట్టేస్తుంది, పికప్ తగ్గుతుంది.

వాల్వును తెరిచేది క్యామ్‌షాఫ్ట్ మీది గుడ్డు ఆకారపు ఉబ్బు, మూసేది స్ప్రింగ్. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే టైమింగ్ చైన్ క్యామ్‌ను ఒక్క చుట్టు తిప్పుతుంది. పాత ఇంజిన్లలో ఈ లంకె మారదు కాబట్టి, తయారీదారు ఏదో ఒక వేగానికి మొగ్గి రాజీపడాల్సిందే.

వేరియబుల్ వాల్వ్ టైమింగ్ ఆ లంకెను సడలించింది. క్యామ్ చివరి పళ్లచక్రంలో రెక్కలున్న చిన్న చక్రం ఉంటుంది. కంప్యూటర్ ఆజ్ఞతో సోలనాయిడ్ ఇంజిన్ ఆయిల్‌ను రెక్కలకు ఒక పక్కకు పంపితే క్యామ్ కాస్త ముందుకు తిరుగుతుంది, మరో పక్కకు పంపితే వెనక్కి. ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. పిస్టన్ అడుగు దాటిన 70 డిగ్రీలకు మూసుకునే వాల్వు, క్యామ్‌ను 40 డిగ్రీలు ముందుకు జరిపితే 30 డిగ్రీలకే మూసుకుంటుంది. మధ్యస్థ వేగంలో బరువు లాగేటప్పుడు ఇదే కావాలి. వేగం పెరిగాక మళ్లీ వెనక్కి జరగాలి.

అయితే మూసుకోవడంతో పాటు తెరుచుకోవడమూ 40 డిగ్రీలు ముందుకొస్తుంది. అప్పటికి ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా మూసుకోదు. ఐడ్లింగ్‌లో ఇలా రెండూ తెరిచి ఉంటే కాలిన పొగ ఇన్‌టేక్‌లోకి వెనక్కి వెళ్లి ఇంజిన్ వణుకుతుంది. అందుకే ఐడ్లింగ్‌లో ఇన్‌టేక్ క్యామ్‌ను వెనక్కి జరిపి ఉంచుతారు. ఈ పద్ధతికున్న హద్దు కూడా ఇదే. వాల్వు తెరిచి ఉండే వ్యవధి మారదు, మొత్తంగా ముందుకో వెనక్కో జరుగుతుందంతే. వ్యవధినీ, తెరుచుకునే ఎత్తునూ కూడా మార్చడానికి హోండా 1989లో వీటెక్ తెచ్చింది. ఎక్కువ వేగానికి వేరే ఉబ్బునే వాడే పద్ధతి అది.

ఇదంతా ఆయిల్ ఒత్తిడి మీదే నడుస్తుంది. ఆయిల్ మార్చకుండా లాగిస్తే మడ్డి సన్నని దారుల్లో పేరుకుని క్యామ్ ఒకచోటే ఇరుక్కుపోతుంది. ముందుకు ఇరుక్కుంటే ఐడ్లింగ్ కుదురుగా ఉండదు, సిగ్నల్ దగ్గర బండి ఆగిపోవచ్చు, స్కానర్ P0011 అని చూపవచ్చు. వెనక్కి ఇరుక్కుంటే ఐడ్లింగ్ బాగానే ఉంటుంది కానీ ఘాట్‌రోడ్డులో లాగుడు తగ్గుతుంది. ఖరీదైన పళ్లచక్రం మార్చడానికి ఒప్పుకునే ముందు ఆయిల్ మట్టం, దాని చిక్కదనం, సోలనాయిడ్ జల్లెడ చూడమని మెకానిక్‌ను గట్టిగా అడగండి.