నీళ్లదే కారణమని ఎలా తేలుతుంది?

చిలీ ఉత్తరాన, అటకామా ఎడారికీ పసిఫిక్ సముద్రానికీ మధ్య ఆంటోఫగాస్టా అనే నగరం ఉంది. అక్కడ వాన పడటమే అరుదు. ఎవరింటి బావి వారికి ఉండే ఊరు కాదది. ఆండీస్ కొండల నుంచి పైపుల్లో వచ్చే నీరే అప్పట్లో అందరికీ దిక్కుగా ఉండేది. జనం పెరిగి ఆ నీరు చాలకపోవడంతో 1958లో టొకోన్సే నది నీటిని తెచ్చారు. కొండల్లోని రాతి పొరల నుంచి కరిగిన ఆర్సెనిక్ ఆ నీటిలో ఉంది. అంతకుముందు లీటరుకు సుమారు 90 మైక్రోగ్రాములుండేది 870 దాకా పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు సూచిస్తున్న హద్దు 10. 1970లో శుద్ధి కేంద్రం కట్టాక ఆర్సెనిక్ బాగా తగ్గింది. ఈలోగా పన్నెండేళ్లపాటు పేదా గొప్పా తేడా లేకుండా ఊరంతా అదే నీరు తాగింది.

నీటిలో ఆర్సెనిక్‌కు రంగూ రుచీ వాసనా ఉండవు. పిల్లల చర్మం మీద మచ్చలు రావడం, అరిచేతులు గట్టిపడటం 1960లలోనే డాక్టర్లు గమనించారు. క్యాన్సర్ మరణాలు మాత్రం చాలా ఆలస్యంగా మొదలయ్యాయి. ఆ మరణాలకు ఆ నీళ్లే కారణమని పరిశోధకులు ఎలా వాదించారన్నది మనమూ తెలుసుకోవలసిన విషయం.

ఒక చోట నీరు బాగాలేదు, అక్కడే జబ్బు ఎక్కువగా ఉంది. ఈ రెండూ కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. మరి ఎప్పుడు చెప్పగలం? ఈ ప్రశ్నకు 1965లో లండన్‌లో ఒక ప్రసంగంలో జవాబు చెప్పినవాడు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్. రిచర్డ్ డాల్‌తో కలిసి సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టిన గణాంక శాస్త్రవేత్త ఆయనే. సాక్ష్యాన్ని తొమ్మిది వైపుల నుంచి చూడమన్నాడు. చాలామంది వాటిని పరీక్ష మార్కుల్లా వాడి, తొమ్మిదికి ఆరొస్తే పాస్ అంటుంటారు. హిల్ అలా అనలేదు. వీటిలో ఏ ఒక్కటీ తిరుగులేని రుజువు కాదనీ, ఏ ఒక్కటీ తప్పనిసరి షరతు కాదనీ స్పష్టంగా చెప్పాడు. ఎదురుగా ఉన్న లెక్కలకు ఇంతకన్నా బాగా సరిపోయే వివరణ మరొకటుందా అన్నదే ఆయన అసలు ప్రశ్న.

ఆంటోఫగాస్టా విషయంలో మొదట చూడవలసింది ఏది ముందు, ఏది వెనక అన్నది. అక్కడ ఆర్సెనిక్ పెరిగిన ఏడాదీ తెలుసు, తగ్గిన ఏడాదీ తెలుసు. ఆర్సెనిక్ తక్కువగా ఉన్న వాల్పరైసో ప్రాంతంతో మరణాలను పోల్చి చూశారు. నీరు మారిన సుమారు పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్, మూత్రాశయ క్యాన్సర్ మరణాల్లో తేడా మొదలైంది. అది 1986–97 మధ్య శిఖరానికి చేరింది. అప్పటికి నీరు శుద్ధి మొదలై పదిహేనేళ్లు దాటింది. ఎవరైనా 1990లో నీటి నమూనా, ఆస్పత్రి రికార్డు పక్కపక్కన పెట్టి చూసి ఉంటే, నీరు చాలావరకు బాగుపడినా జబ్బు పెరుగుతోంది కాబట్టి నీటికి సంబంధం లేదని తేల్చేసేవారు.

రెండోది సంబంధం ఎంత బలమైనదన్నది. శిఖర దశలో అక్కడ మూత్రాశయ క్యాన్సర్ మరణాల రేటు వాల్పరైసోతో పోలిస్తే మగవారిలో 6 రెట్లు, ఆడవారిలో దాదాపు 14 రెట్లు. మామూలుగా ఈ క్యాన్సర్ ఆడవారిలో తక్కువ కాబట్టి కొద్ది మరణాలు పెరిగినా రెట్లు పెద్దగా కనిపిస్తాయి. ఆ జాగ్రత్త పాటించినా ఇది చిన్న తేడా కాదు. అక్కడివాళ్లు సిగరెట్లు ఎక్కువ తాగుతారేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ఒక లెక్క వేసి చూద్దాం. పొగతాగడం మూత్రాశయ క్యాన్సర్‌ను సుమారు 3 రెట్లు పెంచుతుంది. ఆంటోఫగాస్టాలో ప్రతి ఒక్కరూ పొగ తాగుతారనీ, వాల్పరైసోలో ఒక్కరూ తాగరనీ అనుకున్నా వచ్చే తేడా 3 రెట్లే. కాబట్టి 6 రెట్లనూ 14 రెట్లనూ సిగరెట్టు ఒక్కటే వివరించలేదు.

ఇదే వాదన ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు నిలవదు. అక్కడ తేడా మూడున్నర రెట్లు. సిగరెట్టు ఆ క్యాన్సర్‌ను పది రెట్లకు పైగా పెంచుతుంది. అంటే పొగతాగేవారు కొంత ఎక్కువున్నా లెక్క తారుమారవుతుంది. అందుకే పరిశోధకులు మరో దారి పట్టారు. పొగతాగడం వల్ల ఎక్కువగా వచ్చే మరో జబ్బు సీఓపీడీ, అంటే ఏళ్ల తరబడి ఊపిరాడనివ్వని శ్వాసకోశ వ్యాధి. అసలు దోషి సిగరెట్టే అయితే ఆ మరణాలూ పెరగాలి. మొత్తం మీద అవి పెరగలేదు. పొగతాగే అలవాటు మీద జరిపిన సర్వేలూ అదే చెప్పాయి. ఈ మొత్తం పరిశోధనలో నాకు అన్నిటికన్నా నచ్చిన మెట్టు ఇదే. తన వాదనను తానే ఓడించగల చోటును వెతికి, అక్కడ పరీక్షకు నిలబడటం నిజాయితీ ఉన్నవాళ్లు చేసే పని.

అయినా ఇవన్నీ ప్రాంతాల లెక్కలు. చనిపోయిన మనిషి ఆ నీరు తాగాడో లేదో వాటిలో తెలియదు. ఆ లోటు తీర్చడానికి 2000లో వెలువడిన అధ్యయనంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులనూ, ఆ జబ్బు లేనివారినీ తీసుకుని, ఒక్కొక్కరు ఎప్పుడెక్కడ ఉన్నారో అడిగి, ఆయా ఊళ్ల పాత నీటి రికార్డులతో జోడించారు. లీటరుకు 10 మైక్రోగ్రాముల లోపు తాగినవారితో పోలిస్తే మోతాదు పెరిగేకొద్దీ ముప్పు మెట్లుమెట్లుగా పెరిగి, 200–400 మధ్య తాగినవారిలో దాదాపు 9 రెట్లకు చేరింది. ఊరికో నీరే ఉండటం వల్ల ఎవరు ఎంత తాగారన్న లెక్కలో పొరపాటు తక్కువ. తైవాన్‌లోనూ ఆర్సెనిక్ బావి నీరు తాగినవారిలో ఇవే క్యాన్సర్లు కనిపించాయి.

ఒక్క చోట మాత్రం వాదన చాలాకాలం బలహీనంగా ఉండిపోయింది. ప్రయోగశాల జంతువుల్లో ఆర్సెనిక్‌తో క్యాన్సర్ తెప్పించడం అంత తేలిగ్గా కుదరలేదు. శరీరంలో ఇలా జరుగుతుందని చెప్పగలగడం మంచిదే కానీ, అది ఆనాటి జీవశాస్త్ర జ్ఞానాన్ని బట్టి ఉంటుందని హిల్ ముందే హెచ్చరించాడు. ఎలుకలో రుజువయ్యేదాకా ఆగి ఉంటే మనుషుల్లో కనబడుతున్నదాన్ని కొట్టిపారేసినట్టయ్యేది.

ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు చూద్దాం. అక్కడి కిడ్నీ జబ్బుకు నీటిలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పనిచేయడం, నొప్పి మాత్రలు ఇలా ఎన్నో అనుమానాలున్నాయి. ఏదీ తేలలేదు. ఇవన్నీ తరచుగా ఒకే మనిషిలో కలిసి ఉంటాయి. జబ్బు ఏళ్ల తరబడి లోలోపల పెరుగుతుంది. బయటపడ్డాక రోగి క్యాన్ నీళ్లకు మారిపోతాడు. ఈరోజు నీరూ ఈరోజు క్రియాటినిన్ కలిపి కొలిస్తే ఏది ముందో చెప్పలేం, పైగా మంచినీళ్లు తాగేవారికే జబ్బు ఎక్కువన్న తలకిందుల ఫలితమూ రావచ్చు.

2023 డిసెంబరులో వంశధార నీటిని ఉద్దానం ఊళ్లకు అందించే పథకం ప్రారంభమైంది. కారణం తేలేదాకా ఆగకుండా నీరివ్వడం సరైన పనే. సాక్ష్యం అసంపూర్ణంగా ఉందని చేయవలసింది వాయిదా వేయకూడదని హిల్ కూడా అన్నాడు. అయితే ఈ మార్పు నుంచి జవాబు కూడా రాబట్టవచ్చు. ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీ నీరు మారినా కోలుకోదు, కాబట్టి డయాలసిస్ రోగుల సంఖ్య తగ్గలేదని నీటికి క్లీన్‌చిట్ ఇవ్వకూడదు. చూడవలసింది ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లలో కొత్తగా ఎందరికి జబ్బు వస్తోందన్నది. నీరు ముందు అందిన ఊళ్లనూ ఆలస్యంగా అందిన ఊళ్లనూ ఏళ్ల తరబడి పోల్చాలి. అందుకు ఏ ఊరికి ఏ నెలలో నీరొచ్చింది, ఇంట్లో నిజంగా అదే తాగుతున్నారా, జీడితోటలో పనికి వెళ్లినప్పుడు సీసాలో ఏ నీళ్లు పట్టుకెళ్తున్నారు అన్నవి ఇప్పుడే ఇంటింటికీ తిరిగి రాసిపెట్టాలి.