సి-పెప్టైడ్ నార్మలే... మరి అప్పుడు గ్లూకోజ్ ఎంత?

ఒక కేసు ఊహించుకుందాం. ముప్పై ఆరేళ్ల మనిషి. రెండేళ్ల కిందట షుగర్ బయటపడింది. వయసు ముప్పై దాటింది కాబట్టి టైప్ 2 అన్నారు, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు మొదలుపెట్టారు. మొదటి ఏడాది బాగానే గడిచింది. ఆ తర్వాత మాత్రల మోతాదు పెరుగుతూ పోయింది కానీ షుగర్ దిగలేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 10.4కు చేరింది. మొదటినుంచీ సన్నగానే ఉండే మనిషి, ఇంకో ఏడు కిలోలు తగ్గాడు. రాత్రిపూట అన్నం మానేశాడు, పొద్దున్నే నడుస్తున్నాడు. అయినా ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "నువ్వు పథ్యం సరిగా చేయడం లేదు."

డాక్టర్ సి-పెప్టైడ్ పరీక్ష రాశారు. పరగడుపున తీసిన రక్తంలో అది మిల్లీలీటరుకు 0.9 నానోగ్రాములు వచ్చింది. ఆ ల్యాబ్ వేసిన నార్మల్ పరిధి 0.8 నుంచి 3.9. అంటే అంకె గీతకు లోపలే ఉంది, పక్కన ఎర్ర గుర్తేమీ పడలేదు. "క్లోమం బాగానే పనిచేస్తోంది, ఇన్సులిన్ అక్కర్లేదు" అనుకుని ఆ కాగితం మడిచి లోపల పెట్టేయడం చాలా తేలిక.

కానీ అదే రక్తంలో గ్లూకోజ్ 212 ఉంది. ఈ రెండో అంకెను పక్కన పెట్టుకుని చదివితే మొదటి అంకె అర్థమే మారిపోతుంది.

క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను నేరుగా తయారు చేయవు. ముందు ప్రోఇన్సులిన్ అనే పొడవాటి గొలుసును తయారు చేస్తాయి. ఆ గొలుసును 1967లో షికాగో విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ స్టైనర్ గుర్తించారు. కణం లోపలే దాని మధ్య ముక్క తెగి విడిపోతుంది. రెండు చివరలూ కలిసి ఇన్సులిన్ అవుతాయి, తెగిన మధ్య ముక్క సి-పెప్టైడ్. ఒక ఇన్సులిన్ అణువు పుడితే ఒక సి-పెప్టైడ్ అణువు కూడా పుట్టి తీరాలి. రెండూ కలిసే రక్తంలోకి వస్తాయి.

అలాంటప్పుడు ఇన్సులిన్‌నే కొలిస్తే సరిపోతుంది కదా అనిపించవచ్చు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. క్లోమం నుంచి బయల్దేరిన ఇన్సులిన్ ముందుగా కాలేయానికి వెళ్తుంది, దాదాపు సగం అక్కడే ఖర్చయిపోతుంది. మిగిలినది కూడా రక్తంలో కొద్ది నిమిషాలే ఉంటుంది. సి-పెప్టైడ్‌ను కాలేయం పెద్దగా పట్టించుకోదు. అరగంట దాకా అది రక్తంలో తిరిగి, చివరికి కిడ్నీల ద్వారా పోతుంది. కాబట్టి క్లోమం ఎంత పనిచేసిందో ఇదే నిలకడగా చెబుతుంది. రెండో చిక్కు ఇంజెక్షన్ తీసుకునేవారిది. వాళ్ల రక్తంలోని ఇన్సులిన్‌లో సీసాలోంచి వచ్చింది ఎంత, సొంతంగా పుట్టింది ఎంత అన్నది పరీక్ష విడదీసి చెప్పలేకపోవచ్చు. సీసాలోని ఇన్సులిన్‌లో సి-పెప్టైడ్ ఉండదు. రక్తంలో ఉన్న సి-పెప్టైడ్ అంతా ఆ మనిషి క్లోమం నుంచి వచ్చిందే. అందుకే ఈ పరీక్ష కోసం ఇన్సులిన్ ఆపాల్సిన పనిలేదు. టైప్ 1 ఉన్నవాళ్లు పరీక్ష కోసమని ఇన్సులిన్ మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు గ్లూకోజ్ దగ్గరికి వద్దాం. ట్యాంకు నిండా నీళ్లుండి మోటారు ఆగి ఉంటే అది పాడైందని ఎవరూ అనరు. ట్యాంకు ఖాళీ అయి, స్విచ్ వేశాక కూడా నీళ్లు సన్నగా వస్తుంటే అప్పుడు అనుమానించాలి. బీటా కణాల సంగతీ అంతే. షుగర్ 65 ఉన్నప్పుడు సి-పెప్టైడ్ తక్కువగా ఉండడం ఆరోగ్యం. ఆ సమయంలో అది ఎక్కువగా ఉంటేనే కంగారు పడాలి. షుగర్ 212 ఉన్నప్పుడు మాత్రం క్లోమం తన శక్తినంతా పెట్టి ఇన్సులిన్ వదులుతూ ఉండాలి, సి-పెప్టైడ్ బాగా పెరగాలి. అంత పిలుపు వచ్చినా 0.9 దగ్గరే ఆగిందంటే ఇన్సులిన్ వదిలే శక్తి తగ్గిపోయిందన్నమాట. రిపోర్టులో అచ్చయ్యే నార్మల్ పరిధి గ్లూకోజ్ మామూలుగా ఉండే ఆరోగ్యవంతుల పరగడుపు అంకె. 212 ఉన్న మనిషిని దానితో పోల్చకూడదు. పైగా ఈయన వేసుకుంటున్న గ్లిమెపిరైడ్ బీటా కణాలను నెట్టి మరీ ఇన్సులిన్ వదిలించే మాత్ర. అది నెడుతుండగా కూడా ఇంతే వచ్చింది.

పరగడుపు కొలత మీదే ఆగకుండా, టిఫిన్ తిన్నాక మళ్లీ రక్తం తీస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఈయనకు ఇడ్లీ తిన్న రెండు గంటలకు గ్లూకోజ్ 290కి ఎక్కింది, సి-పెప్టైడ్ 1.0 వచ్చింది. గ్లూకోజ్ అంత పెరిగితే సి-పెప్టైడ్ కదిలింది 0.1 మాత్రమే. తిన్న అయిదు గంటల లోపు తీసిన రక్తాన్ని డాక్టర్లు సుమారుగా ఇలా చదువుతారు: 0.6 కంటే తక్కువైతే ఇన్సులిన్ తీవ్రంగా కొరవడినట్టు, టైప్ 1 వైపు మొగ్గు. 1.8 దాటితే టైప్ 2 అయ్యే అవకాశం ఎక్కువ. మధ్యలోది అనిశ్చితం, అంకె ఒక్కదాంతో తేల్చకూడదు. ల్యాబ్ పికోమోల్స్‌లో ఇస్తే ఈ హద్దులు 200, 600. ఏ కొలమానంలో ఇచ్చారో చూడకుండా రెండు రిపోర్టులను పోల్చకండి.

ఈయన ఆ మధ్య భాగంలోనే ఉన్నాడు. అందుకే తర్వాతి పరీక్ష సొంత కణాలపై శరీరం తయారు చేసుకునే యాంటీబాడీలది. మొదట చూసేది గాడ్ యాంటీబాడీ. అది ఈయనకు బాగా ఎక్కువగా వచ్చింది. సన్నటి ఒళ్లు, తగ్గుతున్న బరువు, మాత్రలకు లొంగని షుగర్, గ్లూకోజ్‌కు స్పందించని సి-పెప్టైడ్, గాడ్ పాజిటివ్: ఇవన్నీ కలిస్తే ఇది టైప్ 2 కాదు. పెద్దవాళ్లలో నెమ్మదిగా వచ్చే, టైప్ 1 జాతికి చెందిన షుగర్. దీన్నే డాక్టర్లు లాడా అంటారు. పిల్లల్లో వారాల్లో జరిగే నష్టం ఇక్కడ నెలలు, సంవత్సరాలు పడుతుంది. అందుకే మొదటి ఏడాది మాత్రలు పనిచేసినట్టు కనిపించాయి. పథ్యం లోపం అన్న నింద ఆయన మీద అన్యాయంగా పడింది.

పేరు మారితే మందు మారుతుంది. గ్లిమెపిరైడ్ ఆపి ఇన్సులిన్ మొదలుపెడతారు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు షుగర్‌ను మూత్రంలోకి పంపేస్తాయి. టైప్ 2లో చాలామందికి అవి గుండెకు, కిడ్నీకి మేలు చేస్తాయి. ఇన్సులిన్ అడుగంటిన మనిషికి ఇస్తే, షుగర్ మరీ ఎక్కువ లేకుండానే రక్తంలో కీటోన్లు పేరుకుని ఆమ్లం పెరగవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. మీటరులో షుగర్ 180 చూపిస్తుంటే అది షుగర్ వల్లేనని ఎవరికీ తోచదు. టైప్ సరిగ్గా తేల్చుకోవడం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి నాకు ఇంతకంటే బలమైన కారణం కనిపించదు.

సి-పెప్టైడ్ ఎక్కువగా ఉంటే కథ వేరు. పొట్ట ఉన్న నలభై ఎనిమిదేళ్ల మనిషి, మెడ వెనుక చర్మం నల్లగా మందంగా మారింది. పరగడుపున గ్లూకోజ్ 138, ఇన్సులిన్ 28, సి-పెప్టైడ్ 4.6. ఇక్కడ ఇన్సులిన్‌కు లోటు లేదు. కండరాలు, కాలేయం దాని మాట వినడం లేదు కాబట్టి క్లోమం రెట్టింపు పనిచేస్తోంది. అయినా గ్లూకోజ్ అదుపులోకి రావడం లేదు. ఇది టైప్ 2 తీరు. ఇంజెక్షన్ తీసుకోని మనిషి కాబట్టి ఇక్కడ ఇన్సులిన్ అంకె కూడా అక్కరకొచ్చింది. ఇదే మనిషికి పదిహేనేళ్ల తర్వాత సి-పెప్టైడ్ తగ్గిపోవచ్చు. అలసిన బీటా కణాలు క్రమంగా తగ్గుతాయి. అది టైప్ 2 కాస్తా టైప్ 1గా మారడం కాదు, టైప్ 2లోనే ఇన్సులిన్ అవసరమయ్యే దశ. అంటే తక్కువ అంకె వ్యాధి ఎందుకొచ్చిందో చెప్పదు, ఇన్సులిన్ ఎంత మిగిలిందో చెబుతుంది.

ఎక్కువ అంకెను నమ్మే ముందు క్రియాటినిన్ చూడాలి. సి-పెప్టైడ్‌ను బయటికి పంపేది కిడ్నీలే కాబట్టి, అవి దెబ్బతిన్నవారిలో క్లోమం కొద్దిగా వదిలినా రక్తంలో పేరుకుని ఎక్కువగా కనిపిస్తుంది. తక్కువ అంకెకూ ఇలాంటి చిక్కొకటి ఉంది. షుగర్ 450తో ఆసుపత్రిలో చేరిన రోజున సి-పెప్టైడ్ 0.5 వచ్చిందనుకోండి. వారాల తరబడి విపరీతమైన గ్లూకోజ్‌లో మునిగిన బీటా కణాలు మొద్దుబారి ఉంటాయి. ఇన్సులిన్‌తో షుగర్ దించి కొన్ని వారాలు ఊరటనిస్తే, టైప్ 2 వాళ్లలో అదే అంకె మళ్లీ లేవవచ్చు. అందుకే అలాంటి అత్యవసర స్థితి తర్వాత కనీసం రెండు వారాల దాకా ఈ పరీక్ష చేయకపోవడమే మంచిది.

కొత్తగా టైప్ 1 వచ్చిన పిల్లల్లో దీనికి తిరగేసిన చిక్కు ఎదురవుతుంది. ఇన్సులిన్ మొదలెట్టిన కొన్ని నెలల పాటు మిగిలిన కణాలు కాస్త కోలుకుంటాయి, సి-పెప్టైడ్ పర్వాలేదనిపిస్తుంది. అది చూసి టైప్ 2 అనుకుని ఇన్సులిన్ ఆపితే పిల్లవాడు ప్రమాదంలో పడతాడు. సి-పెప్టైడ్ బాగా తేల్చి చెప్పేది వ్యాధి వచ్చి మూడేళ్లు దాటాకే. ఆ తర్వాత కూడా 0.6 పైన నిలిచి, యాంటీబాడీలు ఏవీ లేకుండా, ఇంట్లో మూడు తరాలుగా సన్నటివాళ్లకే షుగర్ వస్తుంటే ఒక్క జన్యువు లోపంతో వచ్చే మోడీ అనే రకం ఉందేమో చూడాలి. అందులో కొన్ని రకాలకు ఇన్సులిన్ మాని చిన్న మాత్రతో సరిపోతుంది.

ఇన్సులిన్, సి-పెప్టైడ్ రెండూ ఒకేసారి కచ్చితంగా కావలసిన సందర్భం కూడా ఉంది. షుగర్ 55 కంటే కిందికి పడిపోయి మనిషి సోలిపోయిన వేళ తీసిన రక్తంలో రెండూ దిగకుండా ఉంటే, ఇన్సులిన్ లోపలినుంచే వస్తోంది. క్లోమంలో చిన్న కణితి కావచ్చు, లేదా గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర కావచ్చు. ఇన్సులిన్ చాలా ఎక్కువగా ఉండి సి-పెప్టైడ్ అట్టడుగున ఉంటే, ఆ ఇన్సులిన్ ఇంజెక్షన్ నుంచి వచ్చింది.

పరీక్షకు వెళ్లేటప్పుడు అదే గుచ్చుడులో గ్లూకోజ్ కూడా చూడమని ల్యాబ్‌లో అడగండి. వేళ్ల మీద మీటరుతో నిన్న చూసుకున్నది దీనికి పనికిరాదు. చివరిసారి ఎప్పుడు తిన్నారో, ఏ మాత్రలు వేసుకుంటున్నారో కాగితం మీద రాయించండి. జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. కొన్ని యంత్రాల్లో బయోటిన్ వల్ల సి-పెప్టైడ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, పరీక్షకు ముందు దాన్ని కొన్ని రోజులు ఆపాల్సి రావచ్చు.