ఇద్దరే అమ్మేవాళ్లుంటే ధర ఎక్కడ ఆగుతుంది?

2013 జులై 30న రష్యా ఎరువుల కంపెనీ ఉరల్‌కాలీ ఒక ప్రకటన చేసింది. బెలారస్ ప్రభుత్వ సంస్థ బెలారస్‌కాలీతో కలిసి పొటాష్ అమ్ముతున్న ఉమ్మడి వ్యాపార సంస్థ నుంచి తప్పుకుంటున్నామని, ఇకపై గనులను పూర్తి స్థాయిలో నడుపుతామని చెప్పింది. అప్పటికి టన్ను నాలుగు వందల డాలర్ల దరిదాపుల్లో ఉన్న ధర మూడు వందల కిందికి దిగొచ్చని కంపెనీ అధిపతే అన్నారు. అమ్ముకునేవాడే తన సరుకు ధర పడిపోతుందని చాటడం విడ్డూరమే. ఆ రోజు పొటాష్ కంపెనీల షేర్లు కుప్పకూలాయి. నెల తిరక్కముందే ఆ అధిపతి వ్లాదిస్లావ్ బౌమ్‌గెర్ట్‌నర్‌ను మిన్‌స్క్‌లో అరెస్టు చేశారు.

ఇద్దరికీ లాభం తెచ్చిపెడుతున్న పొత్తు ఎందుకు చెడింది? దీనికి జవాబు వెతకడానికి కావలసిన లెక్కను ఫ్రెంచి గణితవేత్త ఆంత్వాన్ ఆగస్తిన్ కూర్నో 1838లోనే వేసిపెట్టాడు.

ఆయన ఎంచుకున్న ఉదాహరణలో రెండు ఊటలుంటాయి. రెండింట్లోనూ ఒకే రకం ఖనిజ జలం. యజమానులు ఇద్దరు. నీళ్లు తోడడానికి ఖర్చు లేదు. ఎన్ని నీళ్లు బజారుకు తేవాలో ఎవరికి వారే తేల్చుకుంటారు. మొత్తం సరుకు ఎంతో చూసి ధరను బజారే నిర్ణయిస్తుంది.

దీనికి మనం అంకెలు తొడుగుదాం. రోజూ అమ్మకానికొచ్చే మొత్తం డబ్బాలను 120లోంచి తీసేస్తే మిగిలేదే డబ్బా ధర, రూపాయల్లో. అంటే 50 డబ్బాలొస్తే ధర 70, వంద వస్తే 20. ఒక్కడే అమ్ముతుంటే అతను 60 డబ్బాలు తెస్తాడు. ధర 60, రాబడి 3600. అంతకన్నా తక్కువ తెస్తే సరుకు చాలదు, ఎక్కువ తెస్తే ధర నిలవదు.

ఇప్పుడు రెండోవాడు వచ్చాడు. మొదటివాడు 60 తెస్తాడని తెలిస్తే, అతనికి మిగిలిన గిరాకీ మరో 60 డబ్బాలదే. అందులో సగం, అంటే 30 తేవడమే అతనికి లాభం. అది చూసి మొదటివాడు తన లెక్క సవరించుకుంటాడు. 120లోంచి 30 పోగా 90, అందులో సగం 45. ఇద్దరిదీ ఒకటే సూత్రం: ఎదుటివాడి సరుకును 120లోంచి తీసి, మిగిలింది సగం చేయడం. ఆర్థికవేత్తలు దీన్ని ప్రతిస్పందన ప్రమేయం అంటారు. ఎదుటివాడు పది డబ్బాలు పెంచితే ఇతను ఐదు తగ్గిస్తాడన్నమాట. కాగితం మీద గీస్తే ఇద్దరివీ రెండు వాలు గీతలవుతాయి. 60, 30, 45, 37.5 అంటూ అటూ ఇటూ సర్దుకుంటూ ఇద్దరూ చివరికి ఆ గీతలు ఖండించుకునే చోటికి చేరతారు. అక్కడ ఇద్దరివీ చెరి 40 డబ్బాలు, ధర 40, రాబడి చెరి 1600.

ఆ చోటు ప్రత్యేకత ఏమిటంటే, అక్కడి నుంచి ఒంటరిగా కదిలితే నష్టమే. ఒకడు 41 తెస్తే ధర 39కి దిగి రాబడి 1599 అవుతుంది. 39 తెచ్చినా అదే 1599. అందుకే దాన్ని సమతౌల్యం అన్నారు.

కానీ ఇద్దరూ కుమ్మక్కయితే ఇంతకన్నా బాగుంటుంది. చెరి 30 డబ్బాలే తెద్దామని మాట అనుకుంటే ధర 60 పలుకుతుంది, రాబడి చెరి 1800. మరి ఆ మాట మీదే ఎందుకు నిలబడరు?

ఒప్పందం నడుస్తుండగా మొదటివాడు ఒక్క డబ్బా ఎక్కువ తెచ్చాడనుకోండి. ధర 59కి దిగుతుంది. అతని రాబడి 31 డబ్బాల మీద 1829, అంటే 29 రూపాయలు ఎక్కువ. రెండోవాడికి 30 రూపాయలు నష్టం. ఇద్దరినీ కలిపి చూస్తే రూపాయి పోయింది. కానీ మొదటివాడు తన జేబే చూసుకుంటాడు, ఎదుటివాడికి పోయిన 30 అతని లెక్కలోకి రాదు. అదే ధోరణిలో 45 దాకా వెళితే అతనికి 2025 వస్తుంది, మాట మీద నిలబడ్డవాడికి 1350 మిగులుతుంది.

ఈ వ్యాపారం ఒక్కరోజుది కాకపోతే కథ మారుతుంది. ఈరోజు మోసం చేస్తే 225 అదనం. రేపటి నుంచి రెండోవాడు కూడా పొత్తు వదిలేసి ఇద్దరూ 40కి చేరితే, రోజుకు 200 చొప్పున పోతూనే ఉంటుంది. రేపటి రూపాయికి ఈరోజు రూపాయికున్నంత విలువ ఇచ్చేవాడికి రెండు రోజుల్లోనే మోసం గిట్టుబాటు కాదని తెలిసిపోతుంది. కాకపోతే మోసం వెంటనే బయటపడాలి. అది దాగే కొద్దీ అదనపు రాబడి పెరుగుతుంది, శిక్ష వెనక్కి జరుగుతుంది.

పొటాష్ పొత్తుకు దెబ్బ తగిలింది ఇక్కడే. రెండు కంపెనీల ఎగుమతులూ బెలారసియన్ పొటాష్ కంపెనీ అనే ఒకే సంస్థ ద్వారా సాగినంతకాలం చాటుగా అమ్మే వీలు తక్కువ. 2012 డిసెంబరులో బెలారస్ అధ్యక్షుడు లుకషెంకో ఒక ఉత్తర్వుతో, బెలారస్‌కాలీ సరుకు ఎగుమతిపై ఆ సంస్థకున్న ప్రత్యేక హక్కును తీసేశాడు. బెలారస్‌కాలీ బయట విడిగా అమ్ముకుంటోందని ఉరల్‌కాలీ ఆరోపించింది. తప్పంతా ఉరల్‌కాలీ పెద్దలదేనని బెలారస్ అంది. ఎవరి మాట నిజమైనా, ఒకరి అమ్మకాలు మరొకరికి కనిపించే ఏర్పాటు పోయింది.

ఫలితం ఒప్పందాల్లో కనిపించింది. 2013లో టన్నుకు 427 డాలర్లు ఇచ్చిన భారత్, 2014లో 322కే కొన్నది. చైనాకు 400 నుంచి 305కు దిగింది. పొటాష్‌ను దాదాపు పూర్తిగా దిగుమతి చేసుకునే మన దేశానికి ఇది పెద్ద ఊరటే. అయితే రైతు చెల్లించే బస్తా ధరలో రూపాయి మారకం, సబ్సిడీ కూడా కలిసి ఉంటాయి. అదీకాక బజారులో ఆ ఇద్దరే లేరు, కెనడా కంపెనీల ఎగుమతి కూటమి కాన్‌పొటెక్స్ కూడా ఉంది. కాబట్టి మన 60, 40 అంకెలను ఈ డాలర్లకు నేరుగా అతికించలేం. దిశ మాత్రం అదే.

కూర్నో లెక్కను 1883లో జోసెఫ్ బెర్ట్రాండ్ తప్పుపట్టాడు. వ్యాపారులు ధరలు ప్రకటిస్తారు కానీ పరిమాణాలు కాదు, ఒకడు రూపాయి తగ్గిస్తే కొనేవాళ్లంతా అటే పోతారు, ఇద్దరే ఉన్నా ధర ఖర్చు దాకా దిగుతుందన్నది ఆయన వాదన. సరిగ్గా వందేళ్లకు డేవిడ్ క్రెప్స్, జోస్ షైంక్‌మన్ దీనికి బదులిచ్చారు. ముందు సామర్థ్యం కట్టుకుని, తర్వాత ధరల పోటీకి దిగితే, కొన్ని షరతుల మీద ఫలితం మళ్లీ కూర్నో చెప్పిన చోటికే వస్తుందని చూపారు. గనులకు ఈ వర్ణన నప్పుతుంది. గని తవ్వడానికి ఏళ్లు పడుతుంది, ధర మార్చడానికి ఫోన్ చాలు.

ధర ఖర్చును మించి ఉన్నంత మాత్రాన కుమ్మక్కు జరిగిందనలేం. ఊటల యజమానులు ఒకరి ముఖం ఒకరు చూడకపోయినా, ఖర్చే లేని నీళ్లు 40 రూపాయలకు అమ్ముడుపోతాయి. తేడా తెలియాలంటే వేయాల్సిన ప్రశ్న వేరు: ఇప్పుడున్న ధర దగ్గర మరో డబ్బా అమ్మితే ఈ అమ్మకందారుకు లాభమేనా? 40 దగ్గర కాదు. 30 దగ్గర అవును, 29 రూపాయలు. లాభం వస్తుందని తెలిసీ, గని ఖాళీగా ఉండీ సరుకు తీయనివాడు కనిపిస్తే, అతన్ని ఆపుతున్నదేమిటో దర్యాప్తు చేసేవాళ్లు వెతకాలి.